డబ్బా కొనేముందు కంచం లెక్క

జిమ్‌లో చేరి పదిహేను రోజులు కాకముందే ట్రైనర్ నుంచో, పక్కన డంబెల్స్ ఎత్తుతున్న కుర్రాడి నుంచో ఒక ప్రశ్న వస్తుంది: "అన్నా, ఏ ప్రొటీన్ వాడుతున్నావ్?" కొనడం అప్పటికే ఖాయమైపోయినట్టు, ఇక తేలాల్సింది బ్రాండు ఒక్కటే అన్నట్టు ఉంటుంది ఆ అడగడం. రాత్రికి ఫోన్‌లో వెతుకులాట మొదలవుతుంది. వే కాన్సన్‌ట్రేట్, వే ఐసొలేట్, కేసిన్, బఠాణీ ప్రొటీన్, ప్లాంట్ బ్లెండ్... పేర్లు చదివేసరికే తల తిరుగుతుంది. ఏదీ తేల్చుకోలేక చివరికి ట్రైనర్ చెప్పిందే, చాలాసార్లు ఆ ట్రైనర్ దగ్గరే, కొనేస్తారు.

తినే తిండిలో ప్రొటీన్ ఎంత తక్కువ పడుతోందో తెలియకుండా ఏ పొడి కొనాలన్న చర్చ మొదలుపెట్టడం దండగ. ముందు లెక్క తేలాల్సింది కంచం దగ్గర.

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఇందుకు ఒక కొలత ఇచ్చింది. 2020లో సవరించిన సిఫార్సుల ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు శరీర బరువులో కిలోకి 0.83 గ్రాముల ప్రొటీన్ రోజూ అందాలి. అయితే ఇది పాలు, గుడ్లలాంటి మేలురకం ప్రొటీన్ తినేవాళ్ల లెక్క. ఎక్కువ భాగం అన్నం, రొట్టెల మీదే బతికేవాళ్లు కిలోకి ఒక గ్రాము వేసుకోవాలి. 70 కిలోల మనిషికి అలా 58 నుంచి 70 గ్రాములు. బరువులెత్తి కండ పెంచాలనుకునేవాళ్లకు ఇంకొంచెం కావాలి. అది ఎంతన్నది తేల్చడానికి 2018లో పరిశోధకులు 49 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,863 మంది ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. కిలోకి దాదాపు 1.6 గ్రాములు దాటాక అదనంగా తిన్న ప్రొటీన్‌తో సగటున కండ ఇంకేమీ పెరగలేదు. ట్రైనర్లు అలవాటుగా చెప్పే "కిలోకి రెండు, రెండున్నర" అన్న మాటకు మామూలుగా వ్యాయామం చేసేవాళ్ల విషయంలో పెద్ద ఆధారం లేదు.

ఇప్పుడొక మనిషిని ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో ఉండే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, 70 కిలోలు, శాకాహారి, గుడ్డు కూడా ముట్టడు. వారానికి మూడు నాలుగు రోజులు జిమ్‌కి వెళతాడు. పొద్దున మూడు ఇడ్లీలు, పల్లీ చట్నీ. ఇడ్లీల్లో ఆరు గ్రాములు, చట్నీలో పడ్డ గుప్పెడు పల్లీల్లో అయిదు. మధ్యాహ్నం, రాత్రి కలిపి పావుకిలో బియ్యం వండితే అందులో 20 గ్రాములు. అన్నంలో ప్రొటీనే ఉండదనుకునేవాళ్లకు ఈ అంకె ఆశ్చర్యంగా ఉంటుంది. శాతం తక్కువే గాని తినేది ఎక్కువ కాబట్టి మొత్తం మీద అన్నం వాటా గట్టిగానే ఉంటుంది. రోజు మొత్తం పప్పులో, సాంబారులో కలిసి వచ్చే కందిపప్పు 40 గ్రాములనుకుంటే 9 గ్రాముల ప్రొటీన్. రెండు కప్పుల పెరుగులో ఆరు, కాఫీ టీల పాలలో ఆరు, కూరగాయల్లో నాలుగు. అంతా కలిపితే 56.

అంటే జిమ్‌కి పోని రోజుల్లోనే ఇతను అంచుమీద ఉన్నాడు. జిమ్‌కి వెళుతున్నాడు కాబట్టి కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాములు వేసుకుంటే 84 నుంచి 112 దాకా చేరాలి. కింది మెట్టుకే 28 గ్రాములు తక్కువ.

ఈ లోటు పూడ్చడానికి ముందుగా చూడాల్సింది పప్పు గిన్నె. మన ఇళ్లలో పప్పు వండుతారు గాని పప్పుచారు పోసుకుంటారు. ప్రొటీన్ గిన్నె అడుగున ఉండిపోతుంది, తేట అన్నంలోకి వస్తుంది. ఇతను రోజుకి మరో 40 గ్రాముల పప్పు ముద్దపప్పుగానో పెసరట్టుగానో తింటే 9 గ్రాములు. సాయంత్రం బజ్జీలకు బదులు 50 గ్రాముల శనగలు నానబెట్టి గుగ్గిళ్లు చేసుకుంటే ఇంకో 9. మీల్ మేకర్ 30 గ్రాములు కూరలో వేస్తే 15. ఇంతటితో 89 అయింది, పొడి డబ్బా మూత ఇంకా తెరవనేలేదు. మాంసాహారి అయితే పని ఇంకా సులువు. ఒక్కో గుడ్డులో ఆరున్నర గ్రాములు, వంద గ్రాముల పచ్చి కోడి మాంసంలో ఇరవై పైచిలుకు ఉంటాయి.

ఇక్కడి నుంచి 112కి పోవాలంటే మిగిలింది 23 గ్రాములు. ఒక స్కూపు పొడి సరిగ్గా ఇంతే ఇస్తుంది. పొడి వాడకానికి న్యాయమైన చోటు ఇదే. హాస్టల్లో ఉంటూ మెస్సు భోజనం తినేవాడికి మీల్ మేకర్ వండిపెట్టేవాళ్లు లేరు, అలాంటివాడు ఒక స్కూపు నీళ్లలో కలుపుకుంటే తప్పేమీ లేదు. పళ్లు ఊడి మాంసం నమల్లేని ముసలివాళ్లదీ అదే పరిస్థితి. వయసు మీద పడ్డవాళ్లకు కిలోకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని వృద్ధుల పోషణ నిపుణులు చెబుతారు, వాళ్లేమో టీ, రెండు బిస్కెట్లతో పూట గడిపేస్తారు. విచిత్రం ఏమిటంటే, పొడి నిజంగా ఉపయోగపడే ఈ పెద్దవాళ్ల కోసం ప్రకటన ఇచ్చేవాళ్లు తక్కువ, కండలు తిరిగిన కుర్రాళ్ల బొమ్మలే డబ్బాల నిండా.

లెక్క తేలింది, ఒక స్కూపు కావాలి. మరి ఏది?

వే, కేసిన్ రెండూ పాలలోవే. ఆవుపాల ప్రొటీన్‌లో దాదాపు 80 శాతం కేసిన్, 20 శాతం వే. చీజ్ ఫ్యాక్టరీలో పాలు తోడేసి గడ్డకట్టిస్తే ఆ గడ్డ కేసిన్, వేరుపడే పచ్చటి తేటలో వే ఉంటుంది. ఒకప్పుడు పారబోయడానికి కూడా తలనొప్పిగా ఉన్న ఆ తేటను వడగట్టి, ఆరబెట్టి అమ్మడమే ఇవాళ్టి వే వ్యాపారం. ఇంట్లో పనీర్ చేశాక మిగిలే నీళ్లు తాగితే వే ప్రొటీన్ తాగినట్టేనని కొందరంటారు. అది నిజం కాదు. మనం పాలు మరిగించి నిమ్మరసం పిండుతాం. ఆ వేడికి వే ప్రొటీన్ కూడా చాలావరకు కేసిన్‌ని అంటుకుని పనీర్‌లోకే పోతుంది. మిగిలిన నీళ్లలో ఉండేది ప్రధానంగా పాల చక్కెర, ఉప్పులు. పప్పులో పోసుకోవచ్చు, రుచిగా ఉంటుంది, కండలకు మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకూడదు.

కడుపులోకి వెళ్లాక ఈ రెండింటి దారులు వేరవుతాయి. కేసిన్ కడుపులోని ఆమ్లానికి పెరుగులా గడ్డకట్టి నెమ్మదిగా అరుగుతుంది. వే గడ్డకట్టకుండా జారిపోతుంది. 1997లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. వే తాగిన వాళ్ల రక్తంలో అమైనో ఆమ్లాలు గబుక్కున పెరిగి, కొన్ని గంటల్లోనే మామూలు స్థాయికి దిగాయి. కేసిన్ తాగినవాళ్లలో పెరుగుదల తక్కువ, కాని ఏడు గంటల తర్వాత కూడా అది నిలిచి ఉంది. "వ్యాయామం అవ్వగానే వే, పడుకోబోయే ముందు కేసిన్" అన్న జిమ్ సూత్రం ఇందులోంచి పుట్టింది. సూత్రం పూర్తిగా అబద్ధం కాదు. రాత్రి పడుకునే ముందు 40 గ్రాముల కేసిన్ ఇస్తే నిద్రలోనూ కండ తయారీ సాగుతుందని ప్రయోగాల్లో తేలింది. కాని రోజు మొత్తానికి కావలసిన ప్రొటీన్ అందుతున్నవాళ్లలో ఈ వేళల తేడా వల్ల ఒరిగేది చాలా తక్కువ. విడిగా కేసిన్ డబ్బా కొనడం మామూలు మనిషికి అనవసరమైన ఖర్చు. రాత్రి పెరుగన్నం తినే ఇంట్లో కొద్దో గొప్పో కేసిన్ పడుతూనే ఉంటుంది, మరీ కావాలంటే వంద గ్రాముల పనీర్‌లో 19 గ్రాముల ప్రొటీన్ ఉంది.

వేలో మళ్లీ రెండు రకాలు. కాన్సన్‌ట్రేట్‌లో ప్రొటీన్ 80 శాతం దాకా, కాస్త కొవ్వు, కాస్త పాల చక్కెర. ఐసొలేట్‌లో ప్రొటీన్ 90 శాతం, పాల చక్కెర దాదాపు శూన్యం, ధర మాత్రం బాగా ఎక్కువ. పాలు తాగితే కడుపు ఉబ్బరించే వాళ్లు ఐసొలేట్ కొనాలని అంటారు. అది అందరికీ అవసరం లేదు. గ్లాసు పాలలో తొమ్మిది పది గ్రాముల పాల చక్కెర ఉంటే, కాన్సన్‌ట్రేట్ స్కూపులో ఉండేది రెండు గ్రాముల చుట్టుపక్కల. పాలు పడకపోయినా పెరుగు హాయిగా తినగలిగే వాళ్లలో చాలామంది దీన్ని కూడా తట్టుకోగలరు. చిన్న ప్యాకెట్ కొని నీళ్లలో కలిపి తాగి చూస్తే తెలిసిపోతుంది. పొడిని పాలలో కలిపి తాగి, కడుపు ఉబ్బితే పొడిని తిట్టుకోవడం మాత్రం న్యాయం కాదు. పాల ప్రొటీన్‌తోనే అలర్జీ ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు ఐసొలేట్ కూడా పనికిరాదు.

ఇక మొక్కల పొడి. బఠాణీ ప్రొటీన్‌లో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, లైసిన్ పుష్కలం. బియ్యం ప్రొటీన్ దీనికి తలకిందులు. అందుకే రెండింటినీ కలిపి బ్లెండ్ చేస్తారు, ఎక్కువ పాళ్లు బఠాణీ, తక్కువ పాళ్లు బియ్యం. పప్పన్నం తినేవాళ్లకు ఈ కిటుకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మొక్కల పొడి వేకి సాటిరాదన్న అపవాదును 2015లో ఫ్రాన్స్‌లో పరీక్షించారు. 161 మంది యువకులకు 12 వారాలు రోజుకి రెండుసార్లు 25 గ్రాముల చొప్పున బఠాణీ ప్రొటీనో, వేనో, ప్రొటీన్ లేని ఉత్త పొడో ఇచ్చి వ్యాయామం చేయించారు. చేతి కండ మందంలో బఠాణీ తాగినవాళ్లు వే తాగినవాళ్లకంటే వెనకపడలేదు. పరిశోధకుల్లో కొందరు బఠాణీ ప్రొటీన్ తయారుచేసే కంపెనీకి చెందినవాళ్లు కాబట్టి ఆ ఫలితాన్ని కాస్త జాగ్రత్తగా తీసుకోవాలి. 2021లో బ్రెజిల్‌లో మరో ప్రయోగం జరిగింది. అక్కడ శాకాహారులకు సోయా పొడి, మాంసాహారులకు వే ఇచ్చి ఇద్దరినీ కిలోకి 1.6 గ్రాముల దగ్గర నిలబెట్టారు. పన్నెండు వారాల తర్వాత ఇద్దరి కండల్లోనూ తేడా లేదు. మొత్తం ప్రొటీన్ సరిపోయినప్పుడు అది ఆవు నుంచి వచ్చిందా, చేను నుంచి వచ్చిందా అన్నది శరీరం పెద్దగా పట్టించుకోదని దీన్నిబట్టి అనుకోవచ్చు.

మొక్కల పొడితో వచ్చే చిక్కు వేరేచోట ఉంది. మొక్క నేలలోంచి సీసం, కాడ్మియంలాంటి లోహాలను పీల్చుకుంటుంది, గింజలోంచి ప్రొటీన్ విడదీసి చిక్కబరిచాక కూడా ఆ లోహాలు అందులో మిగిలి ఉండవచ్చు. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2025లో 23 పొడులను, షేక్‌లను పరీక్షిస్తే, మొక్కల రకాల్లో సీసం సగటున పాల రకాలకంటే దాదాపు తొమ్మిది రెట్లు ఉంది. రోజుకి ఒక స్కూపుతో ఎవరూ కుప్పకూలిపోరు. కాని రోజూ మూడు స్కూపులు, ఏళ్ల తరబడి తాగాలనుకునేవాళ్లు, గర్భిణులు ఆలోచించుకోవాలి. లోహాల పరీక్ష ఫలితాలను బ్యాచ్‌వారీగా బయటపెట్టే కంపెనీ దొరికితే దాన్నే ఎంచుకోవడం మేలు.

అయితే రకం కంటే పెద్ద చిక్కు డబ్బా మీద రాసింది లోపల ఉందా అన్నది. కేరళకు చెందిన కాలేయ వైద్యుల బృందం మన దేశంలో అమ్ముడయ్యే 36 ప్రొటీన్ పొడులను కొని పరీక్షించి 2024లో మెడిసిన్ అనే పత్రికలో ఫలితాలు ప్రచురించింది. దాదాపు 70 శాతం డబ్బాల్లో ప్రొటీన్ అంకె తప్పు. కొన్నింటిలో రాసిన దాంట్లో సగమే ఉంది. కొన్నింటిలో బూజు నుంచి వచ్చే విషాలు, పురుగుమందుల అవశేషాలు కూడా దొరికాయి.

ఈ మోసాల్లో ఒకటి ఎలా సాగుతుందో అర్థం చేసుకోవడం ఆసక్తికరం. ప్రయోగశాలలో ప్రొటీన్‌ని నేరుగా కొలవరు. అందులోని నైట్రోజన్‌ని కొలిచి ఆ అంకెను సుమారు 6.25తో హెచ్చిస్తారు. నైట్రోజన్ ఉన్న చవకబారు పదార్థం ఏది కలిపినా అది ప్రొటీన్‌గానే లెక్కకొస్తుందన్నమాట. గ్లైసిన్ అలాంటిది. ఒక గ్రాము గ్లైసిన్ ఈ పరీక్షలో 1.17 గ్రాముల ప్రొటీన్‌లా కనిపిస్తుంది. 33 గ్రాముల స్కూపులో 18 గ్రాములే అసలు వే ప్రొటీన్ పెట్టి, 5 గ్రాముల గ్లైసిన్ కలిపితే చాలు, పరీక్షలో దాదాపు 24 గ్రాములు తేలుతుంది. డబ్బా మీద 24 అని ధైర్యంగా అచ్చేయవచ్చు.

దీన్ని పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు, డబ్బా వెనక ఉన్న అమైనో ఆమ్లాల పట్టికలో లూసిన్ వరుస చూస్తే చాలావరకు తెలుస్తుంది. కండ తయారీకి మీట నొక్కేది ఈ లూసినే. అసలైన వే ప్రొటీన్‌లో ఇది పదిన్నర శాతం చుట్టుపక్కల ఉంటుంది. 24 గ్రాముల ప్రొటీన్ ఉందంటే లూసిన్ రెండున్నర గ్రాములు ఉండాలి. పైన చెప్పిన కల్తీ స్కూపులో అది 1.9 దగ్గర ఆగిపోతుంది. బఠాణీ, సోయా పొడుల్లో లూసిన్ సహజంగానే తక్కువ, ఎనిమిది శాతం మేర, కాబట్టి వాటిని ఆ కొలతతోనే చూడాలి. పట్టికే లేని డబ్బాను అక్కడే వదిలేయవచ్చు. పదార్థాల జాబితాలో గ్లైసిన్, టారిన్ అని విడిగా కనబడినా, లూసిన్‌నే విడిగా కలిపినట్టు రాసి ఉన్నా అనుమానించాలి. ఒక మాట ఒప్పుకోవాలి: పట్టికనే అబద్ధంగా అచ్చేసేవాడిని ఈ చిట్కా పట్టుకోలేదు. అందుకు బ్యాచ్ నంబరుతో సహా బయటి ప్రయోగశాల ఇచ్చిన నివేదిక కావాలి.

మరో లెక్క భాగహారం. స్కూపు బరువుతో ప్రొటీన్‌ని భాగిస్తే 33కి 24 అంటే 73 శాతం, ఫర్వాలేదు. 'గెయినర్' అని రాసిన డబ్బాల్లో వంద గ్రాముల పొడికి పదిహేను ఇరవై గ్రాములే ప్రొటీన్, మిగతాది చాలావరకు పిండి చక్కెర. దానికంటే అటుకులు, అరటిపండు, పల్లీలు నయం. అశ్వగంధ, గ్రీన్ టీ, ఇంకేవో మూలికల సారాలు కలిపిన పొడుల జోలికి పోకపోవడం మంచిది. కేరళ వైద్యులు కాలేయానికి ముప్పుగా ప్రత్యేకంగా ఎత్తిచూపింది వాటినే. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు సంఖ్య ఉండాలి, అది ఎవరి పేరు మీద ఉందో ఆ సంస్థ వెబ్‌సైట్‌లో చూడవచ్చు.

ధర కూడా గ్రాముల్లోనే చూడాలి. మూడు వేల రూపాయల కిలో డబ్బాలో 30 స్కూపులొస్తే, స్కూపుకి వంద రూపాయలు, గ్రాము ప్రొటీన్‌కి నాలుగు రూపాయల పైమాట. కందిపప్పు కిలో 150 అనుకుంటే గ్రాము ప్రొటీన్ 70 పైసలు. ఏడు రూపాయల గుడ్డులో రూపాయి చిల్లర. మీల్ మేకర్ కిలో రెండొందలైనా గ్రాము 40 పైసలే. కూకట్‌పల్లి కుర్రాడు మూడు పూటల కంచం సర్దుకుని ఒక్క స్కూపుతో ఆగితే నెలకి మూడు వేలు. అదే మొత్తం లోటు పొడితోనే పూడ్చాలనుకుంటే రోజుకి రెండు స్కూపులకు పైనే, నెలకి ఏడు వేలు.

కొన్నాక, వేడి పాలలో కలిపితే పొడి ఉండలు కడుతుంది. ప్రొటీన్ పాడైపోయిందని పారబోస్తుంటారు గాని, గుడ్డు ఉడికిస్తే గట్టిపడినట్టే అది, పోషకం ఎక్కడికీ పోదు. ముందు చల్లటి నీళ్లలో కలిపి తర్వాత గోరువెచ్చటి పాలు పోస్తే ఉండలు రావు. స్కూపు నొక్కి నింపితే ఒక బరువు, వదులుగా నింపితే ఇంకో బరువు. వంటింటి కాటా మీద ఒకసారి తూచి చూసుకుంటే తర్వాత చేతికి అంచనా వస్తుంది.

భారత వైద్య పరిశోధన మండలి, పోషకాహార సంస్థ కలిసి 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు కండలు పెంచడానికి ప్రొటీన్ పొడులు వాడొద్దనే చెప్పాయి. ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే ఎముకలు, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదాన్ని కారణంగా చూపాయి. మూత్రపిండాలు బాగున్నవాళ్లు రోజుకొక స్కూపు తాగితే అవి చెడిపోతాయనడానికి గట్టి రుజువు లేదు. కాని 'బాగున్నవాళ్లు' అన్న షరతును తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. మూత్రపిండాల జబ్బు ముదిరేదాకా బయటపడదు. ఇంట్లో షుగరు, బీపీ ఉన్నవాళ్లకు తమ మూత్రపిండాల స్థితి తెలియకపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే ఏ కారణం వల్లో ఇంకా పూర్తిగా తేలకుండానే ఎన్నో కుటుంబాలు ఈ జబ్బుతో డయాలసిస్ దాకా వెళ్లాయి. అక్కడి నుంచి వచ్చి హైదరాబాద్‌లో జిమ్‌కి వెళుతున్న కుర్రాడు డబ్బా మూత తీసే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ పరీక్షలు చేయించుకోవాలి. రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు పొడి డబ్బా ధరలో చిన్న భాగం. ఒకవేళ తేడా ఉందని తేలితే, పప్పు ఎంత తినాలన్నది కూడా డాక్టరే చెబుతారు.